0.180 మిల్లీసెకండ్ల క్వెరీ, నాలుగున్నర సెకండ్ల పేజీ: ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక హోల్‌సేల్ పంపిణీ సంస్థది. సంస్థ గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలను గుండ్రంగా సర్దాను. సమస్య అరుదైనదేమీ కాదు. కానీ ఒకే ఆలస్యాన్ని నాలుగు లాగులు నాలుగు యూనిట్లలో చెప్పినప్పుడు, తెలివైన టీమ్ కూడా ఎలా పక్కదారి పడుతుందో ఇందులో బాగా కనిపిస్తుంది.

నేపథ్యం

సంస్థకు ఆర్డర్లు చూసుకునే వెబ్ అప్లికేషన్ ఒకటి ఉంది. వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, లాగిన్ సెషన్ల కోసం రెడిస్, ముందు ఎంజిన్ఎక్స్. మొదట అన్నీ ముంబైలో ఒకే డేటా సెంటర్‌లో ఉండేవి. గోడౌన్ సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌లో ఉండడంతో, అప్లికేషన్‌నూ రెడిస్‌నూ అక్కడికే తరలించారు. డేటాబేస్ మాత్రం ముంబైలోనే ఉంచారు. అకౌంట్స్ వాళ్ల రిపోర్టులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి, ఆర్థిక సంవత్సరం ముగిశాకే దాన్ని కదపాలని నిర్ణయం.

తరలించిన మర్నాటి నుంచే ఫిర్యాదులు మొదలయ్యాయి. రోజువారీ ఆర్డర్ల పేజీ అంతకుముందు అర సెకండులోపే తెరుచుకునేది. ఇప్పుడు దాదాపు ఐదు సెకండ్లు పడుతోంది. ఆ పేజీని ఆర్డర్ డెస్క్‌లో కూర్చున్నవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరుస్తూనే ఉంటారు. ఫోన్‌లో అటువైపు కిరాణా షాపు ఆయన "ఏమ్మా, నా ఆర్డర్ వచ్చిందా లేదా?" అని అడుగుతుంటే, ఇటువైపు స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉంటుంది.

టీమ్ ముందున్న అంకెలు

నన్ను పిలిచేసరికి టీమ్ లాగులన్నీ ఒక చోట పెట్టి ఉంచింది.

```
nginx     request_time=4.500
app       json_encode=3800000
redis     SLOWLOG: 12400
postgres  duration: 0.180 ms
```

నాలుగు వరుసల్లో యూనిట్ రాసి ఉన్నది చివరిదానికి ఒక్కదానికే. మిగతావి తెలిసినవాళ్లే చదువుకోవాలి. ఎంజిన్ఎక్స్‌లో `request_time` సెకండ్లలో ఉంటుంది, చుక్క తర్వాత మూడు అంకెలు మిల్లీసెకండ్లు. అప్లికేషన్ కోడ్ జావాలోని `System.nanoTime()` వాడి తేడాను అలాగే ప్రింట్ చేస్తోంది, అంటే అవి నానోసెకండ్లు. రెడిస్ స్లోలాగ్ మైక్రోసెకండ్లలో చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌వి మిల్లీసెకండ్లు.

అంకెను మాత్రమే చూస్తే 38 లక్షలు అన్నిటికంటే పెద్దది, 0.180 అన్నిటికంటే చిన్నది. టీమ్ సరిగ్గా ఆ వరుసలోనే వెతకడం మొదలుపెట్టింది.

పని చేయని ప్రయత్నాలు

మొదట జేసన్ తయారుచేసే లైబ్రరీని మార్చారు. ఇద్దరు డెవలపర్లు కష్టపడి 38 లక్షలను 17 లక్షలకు దించారు. గ్రాఫ్‌లో గీత సగానికి పైగా పడిపోయింది, పేజీ మాత్రం కదల్లేదు. కదలదు కూడా. పది లక్షల నానోసెకండ్లు ఒక మిల్లీసెకండు. 38 లక్షలంటే 3.8 మిల్లీసెకండ్లు, మిగిల్చింది 2.1 మిల్లీసెకండ్లు. పేజీ మొత్తం సమయం 4,500 మిల్లీసెకండ్లు.

మనవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనం కామాలు లక్ష దగ్గర, కోటి దగ్గర పెడతాం. ఈ యూనిట్లేమో మూడేసి సున్నాలకొకసారి మారతాయి. 3800000 ని 38,00,000 అని చదువుకున్న కళ్లకు, అందులో 3.8 మిల్లీసెకండ్లు వెంటనే కనిపించవు. అందుకే నేను మూడు సమానాలను నోటికి వచ్చేలా చెప్పించాను: వెయ్యి నానోలు ఒక మైక్రో, పది లక్షల నానోలు ఒక మిల్లీ, వంద కోట్ల నానోలు ఒక సెకండు. లక్షల్లో ఉన్న నానోసెకండ్లను పదితో భాగిస్తే మిల్లీసెకండ్లు వచ్చేస్తాయి. 38 లక్షలు, 3.8. ఇంకేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

తర్వాత రెడిస్ మీద పడ్డారు. 12400 ని ఎవరో మిల్లీసెకండ్లుగా చదివి, "రెడిస్ పన్నెండు సెకండ్లు తీసుకుంటోంది" అని గ్రూపులో పెట్టారు. టెన్షన్ మొదలైంది. పేజీ మొత్తం నాలుగున్నర సెకండ్లలో పూర్తవుతుంటే, అందులోని ఒక ముక్క పన్నెండు సెకండ్లు ఎలా తీసుకుంటుందని ఒక్కరూ అడగలేదు. అది 12,400 మైక్రోసెకండ్లు, అంటే 12.4 మిల్లీసెకండ్లు. స్లోలాగ్‌లోకి ఎక్కించే హద్దు `slowlog-log-slower-than` మామూలుగా 10000 ఉంటుంది. అది పది మిల్లీసెకండ్లని తెలిస్తే, ఈ అంకె ఆ హద్దును కొంచెం దాటిందని చూడగానే అర్థమవుతుంది. పైగా ఆ ఎంట్రీ ఆర్డర్ల పేజీది కానే కాదు. గంటకోసారి నడిచే క్లీనప్ స్క్రిప్టు వాడిన `KEYS` కమాండ్‌ది. అలాంటి స్క్రిప్టుల్లో `KEYS` బదులు `SCAN` వాడడం మంచిదే, కానీ అది వేరే సంగతి.

మూడోసారి డేటాబేస్ మెషీన్‌నే పెద్దది చేశారు. నెల బిల్లు పెరిగింది, పేజీ అలాగే ఉంది. అప్పటికే సీపీయూ ఖాళీగా కూర్చుని ఉంది. ఖాళీగా ఉన్న మెషీన్‌కు బలం పెంచితే, ఇంకా ఖాళీగా కూర్చుంటుంది.

ఈ మూడింటిలోనూ డెవలపర్ల నైపుణ్యానికి లోటు లేదు. ఏ ముక్కను బాగుచేసినా, మొత్తంలో దాని వాటా ఎంతో ముందు లెక్క వేయకపోవడమే లోటు.

ఒకే యూనిట్‌లో జమాఖర్చు

నేను మొదట చేయించింది అంకెలన్నిటినీ ఒకే యూనిట్‌లో రాయించడం. మిల్లీసెకండ్లు ఎంచుకున్నాను, ఎందుకంటే ఫిర్యాదు మనుషుల నుంచి వచ్చింది. ఇంటర్‌ఫేస్‌ల గురించి జాకబ్ నీల్సన్ 1993లో రాసిన హద్దులు ఇప్పటికీ పనికొస్తాయి: పదో వంతు సెకండులోపు జవాబు వస్తే మనిషికి వెంటనే వచ్చినట్టే ఉంటుంది, ఒక సెకండు దాటితే ఆలోచన తెగుతుంది. అంటే 100 మిల్లీసెకండ్లు, 1,000 మిల్లీసెకండ్లు. పేజీ గురించి మాట్లాడేటప్పుడు కొలబద్ద ఆ మేరలో ఉండాలి. ఈ లెక్కలో నానోసెకండ్లకు చోటు లేదు.

ఒక పేజీ తెరవడానికి ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయని అడిగాను. ఎవరికీ ఖాయంగా తెలియదు. లాగులో లెక్కపెడితే 241. ఆర్డర్ల జాబితాకు ఒకటి, ఆ జాబితాలోని 240 ఆర్డర్లకు ఒక్కోదానికి కస్టమర్ వివరం తేవడానికి ఒకటి. లూప్‌లో క్వెరీ అంటే ఇదే. జమ ఇలా తేలింది:

```
జేసన్                    3.8 ms
పోస్ట్‌గ్రెస్  241 × 0.180   43.4 ms
------------------------------
తెలిసినది               47.2 ms
request_time         4500.0 ms
లెక్కకు రానిది         4452.8 ms
```

ఇక్కడ అందరూ ఆగిపోయారు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ల సమయం ఏ లాగులోనూ లేదు. ఏ భాగం నెమ్మదిగా ఉందో వెతకడం మానేసి, ఏ భాగాన్ని ఎవరూ కొలవడం లేదో వెతకాల్సిన చోటు ఇది.

"సార్, క్వెరీ పాయింట్ వన్ ఎయిట్ మిల్లీసెకండ్లే కదా, డేటాబేస్ జోలికి వెళ్లక్కర్లేదు" అన్నాడు ఒక సీనియర్ డెవలపర్. అతని మాట సగం నిజం. 0.180 అబద్ధం కాదు. కానీ ఆ గడియారం ముంబైలో ఉంది. క్వెరీ సర్వర్‌కు చేరాక మొదలై, సర్వర్‌లో పని ముగియగానే ఆగుతుంది. క్వెరీ హైదరాబాద్ నుంచి వెళ్లడం, జవాబు తిరిగి రావడం అందులో పడవు. ఏ కొలతకైనా యూనిట్ ఒక్కటీ తెలిస్తే చాలదు, గడియారం ఎక్కడ పెట్టి కొలిచారో కూడా తెలియాలి.

అందుకని హైదరాబాద్‌లోని అప్లికేషన్ మెషీన్ నుంచే `psql` తెరిచి, ఏ పనీ లేని క్వెరీ ఒకటి పంపించాను.

```
\timing on
SELECT 1;
Time: 18.2 ms
```

`SELECT 1` కి సర్వర్‌లో పట్టే సమయం దాదాపు సున్నా. కాబట్టి ఈ 18 మిల్లీసెకండ్లూ దారి ఖర్చే. అదే కమాండ్‌ను ముంబైలో డేటాబేస్ పక్క మెషీన్ నుంచి నడిపితే అర మిల్లీసెకండు వచ్చింది.

241 సార్లు 18 అంటే 4,338 మిల్లీసెకండ్లు. లెక్కకు రాని 4,453 లో దాదాపు అంతా దొరికింది. మిగిలిన 115 టెంప్లేట్ తయారీ, అనుమతుల తనిఖీ లాంటి పనులకు పోతోంది. పాత రోజుల్లో ఇదే కోడ్ 241 సార్లు అర మిల్లీసెకండు చొప్పున 120 మిల్లీసెకండ్లే ఖర్చు పెట్టేది కాబట్టి, లూప్ ఎప్పుడూ ఎవరి కంటా పడలేదు. తరలింపులో కోడ్ ఒక్క అక్షరం కూడా మారలేదు. ఒక ప్రయాణానికయ్యే ధర మాత్రం 36 రెట్లు పెరిగింది.

18 ని తగ్గించగలమా?

సహజంగానే నెట్‌వర్క్ టీమ్ మీదికి చూపు మళ్లింది. వాళ్లను అడిగే ముందే, ఆ 18 లో తగ్గించగలిగేది ఎంత ఉందో చూసుకున్నాం.

ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే మిల్లీసెకండుకు 200 కిలోమీటర్లు, కిలోమీటరుకు 5 మైక్రోసెకండ్లు. హైదరాబాద్, ముంబైల మధ్య గీత గీసినట్టు కొలిస్తే సుమారు 620 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 1,240. కాబట్టి 6.2 మిల్లీసెకండ్ల కంటే తక్కువలో ఎంత ఖరీదైన లైన్ తీసుకున్నా రాదు. కేబుల్ గీత గీసినట్టు వెళ్లదు కూడా. వంపులు, రౌటర్లు, మధ్యలో వీపీఎన్, అన్నీ కలిసి 18 అయింది.

మంచి లైన్‌తో 12 కి దించగలిగామనుకుందాం. 241 సార్లు 12 అంటే ఇంకా 2.9 సెకండ్లు. నెలనెలా డబ్బు కట్టినా పేజీ నెమ్మదిగానే ఉంటుంది. అందుకే ధరను వదిలేసి, ఎన్నిసార్లు చెల్లిస్తున్నామన్న దాని మీద పడ్డాం.

పని చేసింది

సార్లు తగ్గించడానికి మూడు దారులు కనిపించాయి. 240 క్వెరీలను ఒకేసారి సమాంతరంగా పంపడం మొదటిది. కనెక్షన్ పూల్‌లో 20 కనెక్షన్లున్నాయి, 12 విడతల్లో పని అవుతుంది, అంటే 216 మిల్లీసెకండ్లు. బాగానే ఉంది గానీ, ఒక్క పేజీ కోసం పూల్ మొత్తం పట్టేసుకుంటే మిగతావాళ్లు క్యూలో నిలబడాలి. పొద్దున రద్దీలో కొత్త ఫిర్యాదు తప్పదు.

కస్టమర్ వివరాలను హైదరాబాద్‌లోనే ఉన్న రెడిస్‌లో దాచుకోవడం రెండోది. ఇంకా తక్కువ సమయంలో అయిపోతుంది. కానీ ఆ వివరాల్లో అప్పు పరిమితి ఉంది. ముంబైలో అకౌంట్స్ వాళ్లు ఒక షాపు పరిమితి తగ్గించాక, ఇక్కడ పాత అంకె చూసి సరుకు పంపిస్తే నష్టం రూపాయల్లో ఉంటుంది. మిల్లీసెకండ్ల కోసం ఆ రిస్క్ తీసుకోవడం నాకు నచ్చలేదు.

మూడోది అన్ని ఐడీలనూ ఒకే క్వెరీలో అడగడం. అదే చేశాం.

```sql
SELECT id, name, credit_limit
FROM customers
WHERE id = ANY($1);
```

ఈ క్వెరీ లాగులో 6 మిల్లీసెకండ్లు చూపించింది. పాత 0.180 తో పోలిస్తే 33 రెట్లు ఎక్కువ. స్లో క్వెరీల జాబితాను మాత్రమే చూసేవాళ్లకు ఇది పరిస్థితి పాడైనట్టే కనిపిస్తుంది. పేజీ వైపు నుంచి చూస్తే ఇప్పుడు రెండే ప్రయాణాలు: 36 మిల్లీసెకండ్ల దారి, సుమారు 6 సర్వర్ పని, కలిపి 42. మిగతా పనులు కలుపుకుంటే `request_time` 4.500 నుంచి 0.160 కి వచ్చింది. బ్రౌజర్‌కు చేరి పేజీ గీయడానికి పట్టే 200 మిల్లీసెకండ్లు ఎప్పుడూ ఉన్నవే. మొత్తం మళ్లీ అర సెకండులోపు.

బురద తేరుకున్నాక కనిపించిన రాయి

కొన్ని రోజులకు ఒక చిన్న విషయం బయటపడింది. చాలా రిక్వెస్టులు 0.160 దగ్గర ఉంటే, కొన్ని 0.270 దగ్గర గుంపుగా ఉన్నాయి. మధ్యలో ఏమీ లేవు. ఇలా రెండు గుంపులుగా విడిపోయాయంటే, ఏదో ఒక పని కొన్నిసార్లు జరుగుతోంది, కొన్నిసార్లు జరగడం లేదని అర్థం. లోడ్ వల్లయితే అంకెలు చెల్లాచెదురుగా ఉండేవి.

తేడా 110 మిల్లీసెకండ్లు. 18 తో భాగిస్తే దాదాపు ఆరు. ఆరు ప్రయాణాలు దేనికి పడతాయి? పోస్ట్‌గ్రెస్‌కు కొత్తగా కనెక్షన్ తెరవడానికి. టీసీపీ పలకరింపుకు ఒకటి, టీఎల్ఎస్ ఉందా అని అడగడానికి ఒకటి, టీఎల్ఎస్ 1.3 కుదరడానికి ఒకటి, తర్వాత పాస్‌వర్డ్ తనిఖీ ముగిసేసరికి మూడు. కనెక్షన్లను దాచి ఉంచడానికే పూల్ ఉంది కదా, మరి కొత్తవి ఎందుకు తెరుస్తోంది?

వాళ్ల సొంత పూల్ సెట్టింగుల్లో ఈ వరుస దొరికింది:

```
idle_timeout = 600
```

రాసినవాళ్లు పది నిమిషాలు అనుకుని 600 పెట్టారు. చదివే కోడ్ దాన్ని మిల్లీసెకండ్లుగా తీసుకుంటోంది. అంటే 0.6 సెకండు ఖాళీగా ఉంటే చాలు, కనెక్షన్ మూసేస్తోంది. ముంబైలో ఉన్నప్పుడు మళ్లీ తెరవడానికి ఆరు సార్లు అర మిల్లీసెకండు, మొత్తం 3 మిల్లీసెకండ్లు అయ్యేవి కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియలేదు. మేం విలువతో పాటు పేరు కూడా మార్చాం: `idle_timeout_ms = 600000`. రెండో గుంపు మాయమైంది. యూనిట్ పేరులోనే ఉంటే, తర్వాత చదివేవాళ్లు వేరే ఫైలు తెరిచి చూసుకోవాల్సిన పని ఉండదు. అదే ఊపులో అప్లికేషన్ లాగు వరుస కూడా `json_encode_ms=1.7` అయింది.

మైక్రోసెకండ్లు నిజంగా లెక్కలోకి వచ్చిన చోటు

జేసన్ మీద కష్టపడ్డ ఇద్దరిలో ఒకరికి కొంచెం నిరాశగా అనిపించింది. "అయితే మైక్రోసెకండ్ల గురించి ఆలోచించడం దండగేనా సార్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు అదే సంస్థలో, ఇంకో పనిలో దొరికింది.

తెల్లవారుజామున 4:30 కి సరఫరాదారుల ధరల ఫైళ్లు వస్తాయి. 5 గంటలకు వ్యాన్లలో సరుకు ఎక్కించడం మొదలుపెడతారు. ఈ లోపు 3 కోట్ల వరుసల ధరలు మళ్లీ లెక్కకట్టాలి. ఒక్కో వరుసకు 40 మైక్రోసెకండ్లు పడుతోంది. 3 కోట్లను 40 తో గుణిస్తే 120 కోట్ల మైక్రోసెకండ్లు. పది లక్షల మైక్రోసెకండ్లు ఒక సెకండు కాబట్టి 1,200 సెకండ్లు, అంటే 20 నిమిషాలు. ఫైలు పది నిమిషాలకు మించి ఆలస్యంగా వస్తే వ్యాన్లు ఆగాల్సిందే.

ఆ డెవలపరే కోడ్ చూసి, ప్రతి వరుసకూ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను మళ్లీ కంపైల్ చేస్తున్నట్టు కనిపెట్టారు. దాన్ని లూప్ బయటికి తెస్తే వరుసకు 8 మైక్రోసెకండ్లయింది, పని 4 నిమిషాల్లో ముగిసింది. ఇక్కడ మిగిలింది వరుసకు 32 మైక్రోసెకండ్లు. జేసన్ దగ్గర ఒక్క పేజీకి 2,100 మైక్రోసెకండ్లు మిగిలినా ఎవరికీ తేడా తెలియలేదు. ఇక్కడ అందులో దాదాపు అరవై ఐదో వంతు మిగిలితే 16 నిమిషాలు చేతికొచ్చాయి. ఒకసారి పట్టే సమయాన్ని, ఒకదాని వెనక ఒకటిగా ఎన్నిసార్లు జరుగుతుందో దానితో గుణించాలి. తర్వాత దాని కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో చూడాలి. ఈ రెండూ తెలియకుండా మిల్లీ పెద్దది, నానో చిన్నది అనుకుంటే పొరబడతాం.

ఆ ఉత్సాహంలో ఇంకో ప్రతిపాదన వచ్చింది: డేటాను మెమరీలో వేరేలా అమర్చితే, వరుసకు ఒక మెమరీ యాక్సెస్ తగ్గుతుందని. ప్రధాన మెమరీని ఒకసారి తాకడానికి సుమారు 100 నానోసెకండ్లు. 3 కోట్ల సార్లు అంటే 300 కోట్ల నానోసెకండ్లు, మూడు సెకండ్లు. నాలుగు నిమిషాల పనిలో మూడు సెకండ్ల కోసం కోడ్‌ను తిరగరాయడం వద్దని అందరం ఒప్పుకున్నాం.

వదిలేసినవి

లూప్‌లో క్వెరీలు పంపే స్క్రీన్లు ఇంకా ఉన్నాయేమోనని లాగుల్లో వెతికాం. ఈసారి క్వెరీ సమయం చూడలేదు, ఒక్కో రిక్వెస్టుకు ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో లెక్కపెట్టాం. యాభై దాటినవి రెండు దొరికాయి. రెంటినీ డెస్క్ వాళ్లు రోజూ వాడతారు కాబట్టి అదే పద్ధతిలో సరిచేశాం.

పన్ను రేట్లు మార్చే సెట్టింగుల స్క్రీన్‌లో 12 క్వెరీలు వరుసగా వెళ్తున్నాయి. 12 సార్లు 18 అంటే 216 మిల్లీసెకండ్లు. దాన్ని నెలకోసారి ఇద్దరు తెరుస్తారు. టికెట్ తెరిచి, లెక్క అందులో రాసి, చేయనక్కర్లేదని మూసేశాం. డేటాబేస్ హైదరాబాద్‌కు వచ్చిన రోజున ఆ 216 దానంతటదే 6 అవుతుంది.